స్టాప్‌లాస్ ఎంత దూరంలో పెట్టాలి: ఏటీఆర్‌తో లెక్క

ప్రశ్న: రెండేళ్లుగా షేర్లలో ట్రేడింగ్ చేస్తున్నాను. కొని నాలుగైదు రోజులు, ఒక్కోసారి రెండు వారాలు ఉంచుకుంటాను. ఏ షేరైనా 100 కొంటాను, కొన్న ధరకి 2 శాతం కింద స్టాప్‌లాస్ పెడతాను. పదింటిలో ఎనిమిది స్టాప్ హిట్ అయ్యి బయటికి వచ్చేస్తున్నాయి. చూస్తుండగానే ఆ ఎనిమిదిలో ఐదు మళ్లీ నేను అనుకున్న చోటికే వెళ్తున్నాయి. ఏటీఆర్ చూసి పెట్టమని ఒకరు చెప్పారు. చార్టు తెరిస్తే ఒకచోట 11 అని, ఇంకోచోట 1.3 అని చూపిస్తోంది. ఏది నిజం? దాంతో ఏం చేయాలి? నిన్ననే ఒక షేరు 408 దగ్గర 100 కొన్నాను, 400 దగ్గర స్టాప్ ఉంది. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ రెండు అంకెల సంగతి చెప్తాను. రెండూ నిజమే. 11 చూపించింది డైలీ చార్టు, 1.3 చూపించింది బహుశా ఐదు నిమిషాల చార్టు. ఏటీఆర్ అంటే ఆ చార్టులో ఒక్కో క్యాండిల్‌కి ధర సగటున ఎంత కదులుతోందో చెప్పే కొలత. క్యాండిల్ ఒక రోజుదైతే రోజు కదలిక, ఐదు నిమిషాలదైతే ఐదు నిమిషాల కదలిక. మీరు రోజుల తరబడి ఉంచుకునేవారు కాబట్టి మీకు పనికొచ్చేది డైలీ చార్టులోని 11. చాలామంది పగలు ఐదు నిమిషాల చార్టు తెరిచి పెట్టుకుని, అందులో కనిపించే చిన్న అంకెతో వారం రోజుల ట్రేడ్‌కి స్టాప్ పెడతారు. ఆ పొరపాటు మీరు చేయకుండా ముందే అడిగినందుకు సంతోషం.

ఇప్పుడు మీ 408 షేరు చూడండి. రోజుకు మామూలుగా 11 పాయింట్లు కదిలే షేరు అది. మీరు పెట్టిన స్టాప్ 8 పాయింట్ల దూరంలో ఉంది. అంటే ఏ వార్తా లేని, ఏ విశేషమూ లేని ఒక సాదా రోజున అది ఊగే ఊపులోనే మీ స్టాప్ ఉంది. రేపు పైకి వెళ్లబోయే షేరు కూడా ముందు 8 తగ్గి తర్వాత లేవడంలో వింతేమీ లేదు. పైగా మీరు ఉంచుకునేది ఒక్క రోజు కాదు. నాలుగైదు రోజుల్లో ధర తిరిగే మేర ఒక రోజు మేర కన్నా చాలా ఎక్కువ. అక్కడ స్టాప్ హిట్ అయిందంటే మీ అంచనా తప్పని మార్కెట్ చెప్పినట్టు కాదు. షేరు తన మామూలు నడక నడిచింది, అంతే.

అదే 400 ప్రాంతంలో ఉండి రోజుకు 4 పాయింట్లు మాత్రమే కదిలే షేరు ఉందనుకోండి. దానికి 2 శాతం అంటే మళ్లీ 8 పాయింట్లే. కానీ అక్కడ 8 అంటే రెండు రోజుల మామూలు కదలిక. ఆ స్టాప్ హిట్ అయితే నిజంగా ఏదో జరిగిందని అర్థం. శాతం ఒకటే, ధర ఒకటే, అయినా ఒకచోట స్టాప్ పనిచేస్తుంది, ఇంకోచోట చేయదు. మీ రికార్డు తీసి చూస్తే హిట్ అయిన ఎనిమిదిలో ఎక్కువ భాగం బాగా ఊగే షేర్లవే అయి ఉంటాయని నా అంచనా.

ఈ కొలతను వెల్స్ వైల్డర్ 1978లో ప్రచురించారు. ఆయన దృష్టి అప్పట్లో కమోడిటీ ఫ్యూచర్స్ మీద. ఆ మార్కెట్లలో ఒక రోజుకి ఇంతకు మించి ధర కదలకూడదని పరిమితి ఉంటుంది. ఒక్కోసారి పొద్దున్నే ధర ఆ పరిమితి దగ్గర ఓపెన్ అయ్యి రోజంతా అక్కడే ఇరుక్కుపోతుంది. ఆ రోజు హై, లో ఒకటే. హైలోంచి లో తీసేస్తే సున్నా. నిన్నటి క్లోజింగ్‌తో పోలిస్తే మాత్రం ధర చాలా దూరం జరిగిపోయింది. పెద్ద కదలిక ఉన్న రోజుకి కొలత సున్నా చూపిస్తే ఏం లాభం? అందుకే ఆయన నిన్నటి క్లోజింగ్‌ని కూడా లెక్కలోకి తెచ్చారు. నేటి హై నుంచి లో దాకా ఉన్న దూరం, నిన్నటి క్లోజింగ్ నుంచి నేటి హై దాకా, నిన్నటి క్లోజింగ్ నుంచి నేటి లో దాకా, ఈ మూడింటిలో ఏది పెద్దదో అదే ఆ రోజు నిజమైన కదలిక. దాన్నే ట్రూ రేంజ్ అంటారు.

ఒక రోజు చేతితో వేసి చూద్దాం. నిన్న 396 దగ్గర క్లోజ్ అయింది. నేడు గ్యాప్ అప్‌తో ఓపెన్ అయ్యి హై 409, లో 402 చూసింది. హై, లో మధ్య 7 మాత్రమే. చార్టులో క్యాండిల్ చిన్నగా, ప్రశాంతంగా కనిపిస్తుంది. కానీ నిన్నటి 396 నుంచి 409 దాకా 13. ఆ రోజు ట్రూ రేంజ్ 13. రాత్రంతా షేరు చేతిలో ఉంచుకునే మీలాంటివారు ఆ గ్యాప్‌ని కూడా భరించారు కదా, అది లెక్కలో ఉండాల్సిందే.

ఇలాంటి 14 రోజుల సగటే ఏటీఆర్. మొదటిసారి మామూలు సగటు తీస్తారు. ఆ తర్వాత ప్రతిరోజూ నిన్నటి ఏటీఆర్‌ని 13తో గుణించి, నేటి ట్రూ రేంజ్ కలిపి, 14తో భాగిస్తారు. నిన్నటి ఏటీఆర్ 10.8 అయి నేటి ట్రూ రేంజ్ 13 అయితే కొత్త ఏటీఆర్ 10.96 వస్తుంది. చార్టు దానంతట అదే వేస్తుంది నిజమే, కానీ ఒక్కసారైనా మీరే షీటులో వేసి చూడమంటాను. ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో చేతికి తెలిశాక దాని మీద నమ్మకం వేరుగా ఉంటుంది. మొదటి వరుసలో పేర్లు, రెండో వరుస నుంచి పాత రోజుతో మొదలుపెట్టి A లో తేదీ, B లో హై, C లో లో, D లో క్లోజింగ్ పెట్టి ఇవి రాయండి:

```
E3:  =MAX(B3-C3, ABS(B3-D2), ABS(C3-D2))
F16: =AVERAGE(E3:E16)
F17: =(F16*13+E17)/14
```

E3ని కింది వరుసలన్నింటికీ, F17ని దాని కింది వరుసలకీ లాగండి. కనీసం నాలుగైదు నెలల డేటా ఉంటే మంచిది, లేకపోతే మొదటి సగటు ప్రభావం ఇంకా మిగిలి ఉండి చార్టు అంకెతో తేడా వస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ప్రతిరోజూ మామూలు సగటే తీస్తాయి, అందువల్ల కూడా కొద్దిగా తేడా రావచ్చు. ఆ చిన్న తేడా గురించి బెంగ వద్దు. షేరు విడగొట్టిన రోజుని మాత్రం గమనించండి. పాత ధరల్ని సరిచేయని డేటా అయితే ఒక్క రోజులో ధర సగానికి పడినట్టు కనిపించి ఏటీఆర్ ఒక్కసారిగా ఎగిరిపోతుంది. ఆ ఉబ్బు దిగడానికి వారాలు పడుతుంది.

సరే, 11 అని తేలింది. స్టాప్ ఎంత దూరం పెట్టాలి? రోజుల తరబడి ఉంచుకునే ట్రేడ్‌లకి 2 ఏటీఆర్‌తో మొదలుపెట్టేవారు ఎక్కువ. 1983లో రిచర్డ్ డెన్నిస్, విలియం ఎకార్ట్ శిక్షణ ఇచ్చిన టర్టిల్స్ బృందం కూడా 20 రోజుల సగటు కదలికకి రెండు రెట్ల దూరంలోనే స్టాప్ పెట్టేది. మీ షేరుకి 2 ఏటీఆర్ అంటే 22 పాయింట్లు. 408లోంచి 22 తీస్తే 386.

ఇక్కడే చాలామంది వెనక్కి తగ్గుతారు. 100 షేర్లకి 22 చొప్పున 2,200 నష్టమా అని భయపడి మళ్లీ స్టాప్‌ని దగ్గరికి లాగేస్తారు. మీరు చేస్తున్నదీ అదేనని నాకనిపిస్తోంది. ముందు 100 అని క్వాంటిటీ ఖాయం చేసేసుకున్నారు, ఆ తర్వాత ఎంత నష్టం ఓర్చుకోగలనో చూసుకుని దాన్నిబట్టి స్టాప్ పెట్టారు. మీ ఓర్పు ఎంతో ఆ షేరుకి తెలియదు. దాని ఊపు దానిదే. వరుస తిరగేయాలి. స్టాప్ ఎంత దూరమో మార్కెట్ కదలికని చూసి తేల్చండి. ఒక ట్రేడ్‌లో ఎంత పోగొట్టుకోవచ్చో మీ ఖాతాని చూసి తేల్చండి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చేదే క్వాంటిటీ.

ఖాతాలో 1,00,000 ఉందనుకుందాం. ఒక ట్రేడ్‌లో 1 శాతం, అంటే 1,000 కన్నా ఎక్కువ పోకూడదని నియమం పెట్టుకున్నారు. 1,000ని 22తో భాగిస్తే 45 షేర్లు. 386 దగ్గర బయటికి వస్తే పోయేది 990. రోజుకు 4 పాయింట్లే కదిలే ఆ రెండో షేరుకి 2 ఏటీఆర్ అంటే 8, క్వాంటిటీ 125. బాగా ఊగేది తక్కువ, నిదానంగా ఉండేది ఎక్కువ కొంటారు. స్టాప్ హిట్ అయితే రెండింటిలోనూ నష్టం ఇంచుమించు ఒకటే. ప్రతిదానికీ 100 అనే అలవాటు మాత్రం ఇక వదిలేయాలి.

చార్టులో ఒక స్పష్టమైన పాత లో ఉండి, అది మీ లెక్కకి కాస్త కింద పడితే, ఉదాహరణకి 384.5 దగ్గర ఉంటే, స్టాప్‌ని 386 దగ్గరే ఉంచడం నాకు నచ్చదు. ధర ఆ పాత లో దాకా వచ్చి నిలబడి లేచే అవకాశం ఉంది, దానికి ఒకటిన్నర పాయింటు ముందే మీరు బయటపడిపోతారు. 383కి దించండి. దూరం 25 అవుతుంది, క్వాంటిటీ 40 అవుతుంది. భాగహారం మళ్లీ వేసుకోవడమే తప్ప పోయేదేమీ లేదు.

ఇక అసలైన ప్రశ్న. స్టాప్ దూరం పెంచితే మీ ఫలితం నిజంగా బాగుపడుతుందా? ఏటీఆర్ గురించి చెప్పేవారిలో చాలామంది దీన్ని దాటేసి వెళ్లిపోతారు. దూరం పెంచారు కాబట్టి క్వాంటిటీ తగ్గింది, క్వాంటిటీ తగ్గింది కాబట్టి గెలిచిన ట్రేడ్‌లో వచ్చే లాభమూ తగ్గుతుంది. షేరు 30 పాయింట్లు పెరిగితే 100 షేర్ల మీద 3,000 వచ్చేది, ఇప్పుడు 45 మీద 1,350 వస్తుంది.

మీ పది ట్రేడ్‌లనే తీసుకుందాం. అన్నీ ఈ షేరులాంటివే, గెలిస్తే 30 పాయింట్లు వస్తాయనుకుందాం. పాత పద్ధతిలో రెండు గెలిస్తే 6,000 లాభం, ఎనిమిది ఓడితే 800 చొప్పున 6,400 నష్టం. మొత్తం మీద 400 పోయింది. ఇప్పుడు స్టాప్ 386లాగా 2 ఏటీఆర్ దూరంలో ఉంది. తర్వాత మీరు అనుకున్న చోటికి వెళ్లిన ఆ ఐదూ ఈ స్టాప్ తగలకుండా నిలబడి ఉంటే ఏడు గెలుపులు, మూడు ఓటములు. 9,450లోంచి 2,970 తీస్తే 6,480 లాభం. చాలా బాగుంది. కానీ ఆ ఐదులో మూడు ముందు 2 ఏటీఆర్ కన్నా కిందికి పడి, ఆ తర్వాత లేచినవైతే? అప్పుడు నాలుగు గెలుపులు, ఆరు ఓటములు. 5,400లోంచి 5,940 తీస్తే 540 నష్టం. స్టాప్ దూరం పెంచినా మీరు మొదట ఉన్న చోటే ఉన్నారు.

కాబట్టి "తర్వాత పెరిగింది" అన్న జ్ఞాపకం ఒక్కటే సరిపోదు. పెరగడానికి ముందు ఎంత తగ్గింది అన్నది కావాలి. పాత ట్రేడ్‌లు కనీసం 30 తీయండి. ఒక్కోదానికి కొన్న ధర, ఆ రోజు ఏటీఆర్, ఆ తర్వాత ధర దిగిన అతి తక్కువ లో రాసుకోండి. కొన్న ధరలోంచి ఆ లో తీసి ఏటీఆర్‌తో భాగించండి. 250 దగ్గర కొన్న షేరు, ఏటీఆర్ 6, ముందు 241 దాకా దిగి తర్వాత 270కి వెళ్లింది అనుకోండి. 9ని 6తో భాగిస్తే 1.5. ఆ ట్రేడ్‌కి ఒకటిన్నర ఏటీఆర్ చోటు కావాల్సి వచ్చింది.

ఇందులో ఒక మెలిక ఉంది. మీ రికార్డు 2 శాతం దగ్గర తెగిపోయి ఉంది. స్టాప్ హిట్ అయిన రోజుతో మీ లెక్క ఆగిపోయింది, కానీ ధర అక్కడ ఆగలేదు. కాబట్టి చార్టు తెరిచి, మీరు బయటికి రాకపోయి ఉంటే ఉంచుకునే రెండు వారాల దాకా చూసి లో రాసుకోవాలి. లేకపోతే ఏ ట్రేడూ 2 శాతం మించి దిగనట్టే కనిపించి పాత స్టాపే సరైనదన్న తప్పుడు సమాధానం వస్తుంది. ఇలా రాశాక లాభంలోకి వెళ్లిన ట్రేడ్‌లని మాత్రం వేరు చేసి చూడండి. వాటిలో ఎక్కువ భాగం 1.4 ఏటీఆర్ లోపలే ఆగి లేచి ఉంటే మీకు 1.5 చాలు, 2 అక్కర్లేదు, క్వాంటిటీ కాస్త ఎక్కువే పెట్టుకోవచ్చు. మూడు, మూడున్నర దాకా చెల్లాచెదురుగా ఉంటే తప్పు స్టాప్‌లో లేదు, మీరు కొంటున్న సమయంలో ఉంది. ఏ స్టాపూ దాన్ని సరిచేయలేదు. ఈ పనికి ఒక ఆదివారం పడుతుంది. రెట్టింపా, ఒకటిన్నరా అని ఎవరినో అడిగే బదులు ఈ ఒక్క పని చేయమని నేను గట్టిగా చెప్తాను.

కొన్నాక రోజూ ఏటీఆర్ మారుతుంటుంది. స్టాప్‌కి వాడాల్సింది కొన్న రోజు అంకె. నేను మొదట్లో ఇక్కడే దెబ్బతిన్నాను. ఒక ట్రేడ్‌లో ధర గట్టిగా పడి స్టాప్ దగ్గరికి వచ్చింది. పడటం వల్లే ఏటీఆర్ పెరిగింది. ఏటీఆర్ పెరిగింది కదా, కొత్త లెక్క ప్రకారం స్టాప్ ఇంకా కింద ఉండాలి అనుకుని దించాను. మర్నాడు మళ్లీ పడింది, మళ్లీ పెరిగింది, మళ్లీ దించాను. చివరికి అనుకున్న నష్టానికి దాదాపు మూడింతలు పోయింది. అది చాలారోజులు బాధపెట్టింది. లెక్క సరిగ్గానే వేశాను, వేయకూడని సమయంలో వేశాను. లాభంలోకి వెళ్లాక కొత్త హై నుంచి మూడు ఏటీఆర్ కింద స్టాప్‌ని పైకి జరుపుకుంటూ పోవచ్చు, ధర 441 చూసి ఏటీఆర్ 12 ఉంటే 405కి వస్తుంది. మర్నాడు లెక్క 402 చూపించినా 405 నుంచి దించకూడదు.

ఏటీఆర్ నిన్నటిదాకా జరిగింది మాత్రమే చెప్తుంది. వచ్చే వారం ఫలితాలు ప్రకటిస్తారన్న సంగతి దానికి తెలియదు. 386 దగ్గర స్టాప్ ఉన్నా పొద్దున్నే 371 దగ్గర ఓపెన్ అయితే మీరు బయటికి వచ్చేది 371 ప్రాంతంలోనే. 45 షేర్ల మీద 990 పోతుందనుకున్నది 1,665 అవుతుంది. అలాంటి తేదీ ముందుంటే క్వాంటిటీ సగం చేయడమో, ఆ ట్రేడ్ మానుకోవడమో తప్ప స్టాప్ దూరంతో అయ్యే పని కాదు. ఇంకొకటి, షేరు కొన్ని వారాలు కదలకుండా పడి ఉంటే ఏటీఆర్ బాగా కుంచించుకుపోతుంది. ఆ నిద్రలోంచి లేచే రోజున పాత చిన్న అంకెతో పెట్టిన స్టాప్ మొదటి ఊపుకే ఎగిరిపోతుంది. పైగా అంకె ఆలస్యంగా మేలుకుంటుంది. 10.96 ఉన్న ఏటీఆర్, ఒక్క రోజులో 38 పాయింట్లు కదిలినా 12.9 దాకా మాత్రమే వెళ్తుంది. అందుకని నేను 14 రోజుల ఏటీఆర్ పక్కన 100 రోజులది కూడా పెట్టుకుని, రెండింటిలో పెద్దది వాడతాను.

ఇక మీ చేతిలో ఉన్న 100 షేర్లు. ఇది చదివేసరికి ధర ఇంకా 408 దగ్గరో, పైనో ఉండి, ఫలితాల తేదీలాంటిదేమీ దగ్గర్లో లేకపోతే, స్టాప్‌ని ఒక్కదాన్నే 386కి దించకండి, అది నేను పైన చెప్పుకున్న తప్పే అవుతుంది. కొన్నప్పుడు మీరు ఒప్పుకున్న నష్టం 800, దాన్ని పెంచకూడదు. 800ని 22తో భాగిస్తే 36. ముందు 64 అమ్మేయండి, ఆ తర్వాత మిగిలిన 36కి స్టాప్‌ని 386 దగ్గర పెట్టండి. ధర అప్పటికే 404కో 403కో వచ్చి ఉంటే మాత్రం ఏదీ మార్చకండి. ఈ ఒక్క ట్రేడ్‌ని 400 దగ్గరే తేలనిచ్చి, కొత్త లెక్కని వచ్చే ట్రేడ్‌తో మొదలుపెట్టండి.